నర్సీపట్నం, చోడవరం వైపు యాడ్: భాష దగ్గర ‘తెలుగు’ పెట్టాలా, ఖాళీగా వదలాలా?

గాజువాక కుట్టుమెషిన్లు: నర్సీపట్నం, చోడవరం, మాడుగుల టైలర్ల కోసం ఫేస్‌బుక్‌లో రోజుకు 500 రూపాయలు పెడుతున్నాం. అనకాపల్లి చుట్టూ 40 కిలోమీటర్లు గీశాం, భాష తెలుగు అని పెట్టాం. క్లిక్కులు బాగానే ఉన్నాయి. ఫోన్లు మాత్రం తక్కువ, వచ్చినవి కూడా సిటీ నుంచే. భాష తీసేయాలా?

అనకాపల్లి ఫ్లెక్స్ ప్రింటింగ్: తీయొద్దన్నా. మాడుగులలో ఇంగ్లీషులో ఎవరు చదువుతారు? తెలుగు తీసేస్తే అపార్ట్‌మెంట్లలో ఉండే హిందీ వాళ్లందరికీ వెళ్లిపోతుంది యాడ్.

డాబాగార్డెన్స్: యాడ్ తెలుగులోనే ఉండాలి, అందులో మీ మాట నిజం. కానీ ఆ భాష గడి చూసేది మనిషి ఏం మాట్లాడతాడని కాదు, అతని యాప్ ఏ భాషలో ఉందని. షాపులో ఫోన్ కొన్న రోజున ఇంగ్లీషు మెనూతో ఇస్తారు, చాలామంది దాన్ని మార్చరు. చోడవరంలో తెలుగు తప్ప ఏదీ చదవని టైలరమ్మ ఫోన్లో కూడా మెనూ ఇంగ్లీషులోనే ఉండొచ్చు. మీరు తెలుగు అని బిగించగానే ఆమె బయట పడిపోతుంది. ఆ గడి ఖాళీగా వదిలేయండి. బొమ్మ మీద పెద్ద తెలుగు అక్షరాలు, వీడియోలో మన యాస ఉంటే తెలుగు రానివాళ్లు వాళ్లంతట వాళ్లే దాటిపోతారు.

సిటీ నుంచే ఫోన్లు రావడానికి కారణం ఆ 40 కిలోమీటర్ల గీత. గాజువాక, విశాఖలో చాలా భాగం అందులోనే పడతాయి. జనం ఎక్కువ ఉన్నచోటే డబ్బు ఖర్చవుతుంది. అనకాపల్లి తీసేసి నర్సీపట్నం, చోడవరం, మాడుగుల మీద విడివిడిగా పిన్ను పెట్టి, ఒక్కోదానికి 15 కిలోమీటర్లు ఇవ్వండి.

పలాస జీడిపప్పు: మాకైతే గూగుల్‌లో తెలుగు పెడితే ఆర్డర్లు బాగానే వచ్చాయండీ. కాశీబుగ్గ నుంచి విజయనగరం దాకా పంపాం.

డాబాగార్డెన్స్: గూగుల్ వేరండీ. మనిషి వెతికిన మాటలు, సెట్టింగులు అన్నీ కలిపి ఏ భాషలు వచ్చో అది అంచనా వేస్తుంది. ఇక్కడ అడిగింది ఫేస్‌బుక్ గురించి.

గాజువాక గారూ, మీ రిపోర్టులో Link clicks, Landing page views పక్కపక్కన పెట్టి చూడండి. సైటులో పిక్సెల్, అంటే వచ్చినవాళ్లను లెక్కపెట్టే ఫేస్‌బుక్ కోడ్, ఉంటేనే రెండోది కనిపిస్తుంది.

గాజువాక కుట్టుమెషిన్లు: చూశాను. క్లిక్కులు 410, పేజీ తెరుచుకున్నది 130. మా సైటు పేజీ 5 ఎంబీ ఉంది, మెషిన్ల ఫొటోలన్నీ పెద్దవే.

డాబాగార్డెన్స్: అయితే మీ అసలు నష్టం అక్కడుంది. నొక్కినవాళ్లలో ముగ్గురిలో ఇద్దరు పేజీ చూడకుండానే పోయారు. కొన్ని పొరపాటు నొక్కుళ్లు ఉంటాయి, కానీ ఇంత తేడా వాటివల్ల రాదు. మాడుగుల అవతల ఊళ్లలో సాయంత్రం డేటా 1 ఎంబీపీఎస్‌కి పడిపోయిందనుకోండి, 5 ఎంబీ పేజీకి 40 సెకన్లు పడుతుంది. ఎవరూ ఆగరు. అదే పేజీని 300 కేబీకి దించితే రెండున్నర సెకన్లు చాలు. ఫొటోలు వెబ్‌పీలోకి మార్చండి, మొదట కనిపించే మెషిన్ ఒక్కటే ఉంచండి, తెలుగు ఫాంటును సైటు నుంచి దింపించకుండా ఫోన్లో ఉన్నదే వాడండి. మార్చాక క్రోమ్‌లో నెట్ స్పీడ్ తగ్గించి మీరే ఒకసారి తెరిచి చూడండి.

యాడ్ వీడియో సైజు గురించి టెన్షన్ వద్దు, దాన్ని ఫేస్‌బుక్కే కుదిస్తుంది. మొదటి 3 సెకన్లలో మెషిన్, ధర, ‘మీ ఊరికి డెలివరీ’ అని కనిపించాలి, సౌండ్ లేకపోయినా అర్థం కావాలి.

అనకాపల్లి ఫ్లెక్స్ ప్రింటింగ్: పేజీ ఎందుకసలు? నేరుగా వాట్సాప్‌కి పంపేయండి. ఒక్కో ఊరికి ఆ ఊరి పేరుతో వేరే యాడ్ పెడితే జనం ఇంకా నమ్ముతారు.

డాబాగార్డెన్స్: వాట్సాప్ మంచి మాట, డేటా తక్కువున్నా తెరుచుకుంటుంది, టైలర్లు వాయిస్ మెసేజ్ పెట్టగలరు. ఊరికో యాడ్ సెట్ మాత్రం వద్దంటాను. వారానికి 3,500 రూపాయలు, ఒక్కో సంభాషణకు 40 పడితే 87 వస్తాయి. మూడుగా చీలిస్తే ఒక్కోదానికి 29. ఒక సెట్‌కు వారంలో 50 దాకా ఫలితాలు వస్తేనే ఎవరికి చూపాలో ఫేస్‌బుక్‌కి కుదురుతుంది. ఒకే సెట్లో మూడు పిన్నులు పెట్టి, బొమ్మలోనే మూడు ఊళ్ల పేర్లు రాయండి.

గాజువాక కుట్టుమెషిన్లు: మరి విశాఖ సిటీని పూర్తిగా మినహాయించమంటారా?

డాబాగార్డెన్స్: నేనైతే మినహాయించను. లొకేషన్ ఆపేసిన ఫోన్లను నెట్‌వర్క్ చిరునామా బట్టి అంచనా వేస్తారు, అది ఒక్కోసారి దగ్గరి పెద్ద ఊరిని చూపిస్తుంది. నర్సీపట్నం మనిషి విశాఖలో ఉన్నట్టు కనిపించొచ్చు.

పలాస జీడిపప్పు: ఫోన్లో జీపీఎస్ ఉంటుంది కదండీ, తప్పెలా చూపిస్తుంది? నేను సిటీని తీసేస్తేనే మా డబ్బు మిగిలింది.

డాబాగార్డెన్స్: జీపీఎస్ ఉన్నా యాప్‌కి అనుమతి ఇవ్వకపోతే అందదు. మీ సరుకు సిటీలోనూ దొరుకుతుంది కాబట్టి మీ లెక్క వేరు కావచ్చు.

గాజువాక కుట్టుమెషిన్లు: ముందు సిటీని తీయకుండా రెండు వారాలు నడుపుతాను. వాట్సాప్‌లో మొదటి ప్రశ్న ‘మీది ఏ ఊరు?’ అని పెడుతున్నాను. ఊళ్ల లెక్క తెచ్చి ఇక్కడే పెడతాను.

అనకాపల్లి ఫ్లెక్స్ ప్రింటింగ్: పెట్టండన్నా. భాష గడి సంగతి మాత్రం నాకింకా నమ్మకం కుదరలేదు, నా డబ్బుతో ఒకసారి రెండు రకాలుగానూ నడిపి చూస్తాను.