అప్‌డేట్: 34 స్క్రీన్‌షాట్ల చాట్ వరుస దొరికింది

నా ప్రశ్న: ఇంటి పని గురించి మేస్త్రీతో జరిగిన చాట్‌ను అన్నయ్య 34 స్క్రీన్‌షాట్లుగా వాట్సాప్‌లో పంపాడు. వరుస తెలియడం లేదు. నాన్నకు ఒక పేజీలో సారాంశం ఎలా రాయాలి?

అప్‌డేట్: మొదట ఫైల్ పేర్లను నమ్మి మోసపోయాను. `IMG-20250309-WA0012.jpg` లో ఉన్న తేదీ, నంబరు ఫొటో నా ఫోన్‌కి చేరినప్పటివి. చాట్ జరిగిన రోజుకీ వాటికీ సంబంధం లేదు. పైగా అన్నయ్య కింది నుంచి పైకి జరుపుతూ తీశాడట, అందుకే వరుస చాలావరకు తలకిందులుగా ఉంది.

చివరికి పనిచేసింది అతుకు చూడటమే. ఒక ఫొటోలో చివరి మెసేజ్ ఇంకో ఫొటో పైన మళ్లీ కనిపిస్తే ఆ రెండూ పక్కపక్కవే. అలా కలిపి 01, 02 అని పేర్లు మార్చాను. మెసేజ్ పక్కన టైమ్ మాత్రమే ఉంటుంది కాబట్టి, తేదీ పట్టీ కనిపించిన ఫొటోల నుంచి తేదీలు రాసుకున్నాను.

రెండు చోట్ల అతుకు దొరకలేదు. అందులో ఒకచోట మేస్త్రీ "సరే, అలాగే చేద్దాం" అన్నాడు. నేను దాన్ని పైనున్న 40,000 అడ్వాన్స్‌కి జవాబనుకున్నాను. అన్నయ్యను అడిగితే మధ్య ఫొటో పంపాడు. ఆ "సరే" టైల్స్ రంగు గురించి! డబ్బు మాట తేలనేలేదు. నాన్నకు అలాగే రాశాను, ప్రతి వాక్యం పక్కన ఫొటో నంబరు వేసి.

మిగిలిన చాట్‌ను అన్నయ్య 'ఎక్స్‌పోర్ట్ చాట్' చేసి పంపుతున్నాడు. అందులో ప్రతి మెసేజ్‌కీ తేదీ, టైమ్, పేరు ఉంటాయి.