మార్కెట్ మేకర్ ధరల మధ్య తేడా ఎందుకు పెంచాడు?
అందరికీ నమస్కారం. మాది గుంటూరు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి రైతు సరుకును అమ్మిపెట్టి కమీషన్ తీసుకుంటాడు. ఎస్‌ఎంఈ అనే చిన్న, మధ్యతరహా కంపెనీల షేర్లలో మార్కెట్ మేకర్ మాత్రం సొంత డబ్బుతో కొని నిల్వ పెట్టుకోవాలి. లిస్టింగ్ తర్వాత 3 ఏళ్లు కొనే ధర, అమ్మే ధర రెండూ చూపాలి.

నా షేరుకు 98కి కొంటానని, 100కి అమ్ముతానని ఉండేది. 1,200 షేర్లు అలా చేతులు మారితే, ఖర్చులు తీయకముందు అతనికి మిగిలేది 2,400 రూపాయలు. కొన్న వెంటనే ధర 90కి పడితే మాత్రం 9,600 నష్టం. నాలుగుసార్ల సంపాదన ఒక్క దెబ్బకు పోతుంది!

నిన్న చెడ్డ ఫలితాలు రాగానే ఆ ధరలు 92, 99 అయ్యాయి. నిల్వ పెరిగిపోతే రెండు ధరలూ కలిసి దిగాలి కదా? ఇక్కడ తేడాయే పెరిగింది. ఇది నష్టభయమేనా? తేడా మళ్లీ తగ్గేదాకా అమ్మకుండా ఆగాలా? తెలిసినవారు దయచేసి చెప్పండి.