హాస్టల్ ఫైర్ సేఫ్టీ చెక్‌లిస్టు: బాధ్యుల గడిలో పేరు రాయాలా, హోదానా?

అనంతపురం వార్డెన్: మాది ఆడపిల్లల హాస్టల్, మూడంతస్తులు. జూన్‌లోపు ఈ ఏడాది ఫైర్ సేఫ్టీ చెక్‌లిస్టు రాసిమ్మన్నారు. ఏం చూడాలి, ఎవరు చూడాలి, ఎప్పటిలోగా అని గడులున్నాయి. ‘బాధ్యులు’ గడిలో మనిషి పేరు రాయాలా, హోదా రాస్తే చాలా?

కర్నూలు హాస్టల్ ఓనర్: హోదా చాలు మేడమ్. వార్డెన్లు నిలకడగా ఉండరు, పేర్లు రాస్తే కాగితం మార్చుకుంటూ కూర్చోవాలి. తేదీకి జూన్‌లో ఒక రోజు పెట్టేయండి. సర్వీసు మనిషి వచ్చి స్టిక్కర్ వేసిపోతాడు. మంటలార్పే సిలిండర్ మీది మీటరు సూది పచ్చలో ఉంటే అది బాగున్నట్టే.

రిటైర్డ్ ఫైర్‌మన్, కడప: పౌడర్ సిలిండర్‌కైతే సూది చూడొచ్చు. కరెంటు ప్యానెల్ దగ్గర పెట్టే సీఓటూ సిలిండర్‌కు మామూలుగా ఆ మీటరే ఉండదు. దాన్ని కాటా మీద పెట్టి తూచాలి. ఖాళీ బరువు ఎంతో దాని మీదే కొట్టి ఉంటుంది. 4.5 కిలోల గ్యాస్ పట్టేదైతే, అందులో 450 గ్రాములు తగ్గితే, అంటే పదో వంతు పోతే, రీఫిల్‌కు పంపాల్సిందే. అందుకని ‘సిలిండర్లు ఉన్నాయా’ అని రాయొద్దమ్మా. ‘ప్యానెల్ దగ్గరి సిలిండర్ ఈ రోజు బరువెంత’ అని రాయండి. అంకె వేయాలంటే దాన్ని చేత్తో ఎత్తి చూడక తప్పదు. తూకం సర్వీసు రోజున చూసినా, సీలు, పిన్ను, గొట్టం నెలనెలా చూడాలి. జూన్‌లో ఉన్న సీలు ఆగస్టుకు ఉంటుందని నమ్మకం లేదు. పేరు, హోదా రెండూ రాయండి. మనిషి మారిన రోజే పేరు మారాలి.

బీటెక్ సెకండియర్: ఇమ్మర్షన్ రాడ్లు, కెటిళ్లు కూడా రాయండి. మా రూమ్‌లో ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు అన్నీ తగిలిస్తారు.

నంద్యాల తండ్రి: ఇవన్నీ సరే, రాత్రి గేటు తాళం సంగతేంటి? మా పాప ఉన్న హాస్టల్లో ఒక రాత్రి వెనక మెట్ల తలుపు తీసి ఉంటే బయటివాడు లోపలికొచ్చాడు. తొమ్మిదికల్లా తాళం పడాలని ముందు అది రాయండి.

ఓనర్: అదే నేనూ అంటున్నా. తాళం వార్డెన్ బాధ్యత. హోదా రాస్తే సరిపోతుంది.

వార్డెన్: సరిపోదు సార్. ఇదివరకు చేసిన హాస్టల్లో సిలిండర్లు ఖాళీ అయ్యాయని రాతపూర్వకంగా అడిగాను. ఎవరూ పలకలేదు. ఒక గదిలో కెటిల్ దగ్గర పరుపు అంటుకుంది. పిల్లలు దుప్పట్లతో ఆర్పారు. మర్నాడు మెమో నాకే వచ్చింది, ఎందుకంటే గడిలో ‘వార్డెన్’ అని ఉంది. నా చేతిలో రూపాయి ఖర్చుపెట్టే అధికారం లేదు. మీకు హోదా చాలనడం ఎందుకో ఇప్పుడర్థమవుతోంది. డబ్బు ఇచ్చేవాళ్ల పేరు ఎక్కడా రాయక్కర్లేదు!

ఓనర్: అంటే ఓనర్లందరూ దొంగలా? ఫీజు పెంచితే తల్లిదండ్రులు ఒప్పుకుంటారా?

ఫైర్‌మన్: ఇద్దరూ కాస్త ఆగండి. ‘బాధ్యులు’ అని ఒకే గడి పెడితే గొడవ ఇక్కడికే వస్తుంది. దాన్ని రెండు చేయండి: చూసేవారు, సరిచేయించేవారు. వెనక తలుపుకు ఇలా రాయండి.

చూడాల్సింది: వెనక మెట్ల తలుపు లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకుందా?
చూసేవారు: నైట్ వాచ్‌మన్, పేరు, రోజూ రాత్రి తాళాల వేళ
సరిచేయించేవారు: మేనేజ్‌మెంట్ ప్రతినిధి, పేరు, సంతకం
లోపం రాసిన తేదీ, సరిచేయాల్సిన గడువు, సరిచేసిన తేదీ

నంద్యాల అన్నా, మీ భయం నిజమే. ఆ తలుపుకు పానిక్ బార్ బిగిస్తే బయటి నుంచి ఎవరూ తీయలేరు, లోపలి నుంచి నెడితే తెరుచుకుంటుంది. బజర్ పెడితే ఎవరు తీసినా మోగుతుంది. పొగ కమ్మితే చీకట్లో తాళంచెవి వెతికే టైం ఉండదు. కిటికీలకు ఎలాగూ గ్రిల్సే.

నంద్యాల తండ్రి: బజర్ మోగితే ఎవరు లేస్తారు? వాచ్‌మన్ బయట కుర్చీలో నిద్రపోతాడు. అయినా బయటి నుంచి తీయలేనిదైతే నాకు అభ్యంతరం లేదు.

ఓనర్: బిల్డింగు నాది కాదు, లీజు. తలుపు మార్చాలంటే బిల్డింగ్ ఓనర్ ఒప్పుకోవాలి. ఆ గడిలో నా పేరు ఎలా రాస్తాను?

ఫైర్‌మన్: పిల్లల దగ్గర ఫీజు తీసుకునేది మీరు, రాయాల్సింది మీ పేరే. బిల్డింగ్ ఓనర్‌కు ఉత్తరం రాసిన తేదీ పక్కన వేయండి. బార్ వచ్చేదాకా ఆ తలుపుకు తాళం వద్దు, లోపల గడియ ఒక్కటే వేసి, వాచ్‌మన్‌ను దాని దగ్గరే కూర్చోబెట్టండి.

ఓనర్: ఆడపిల్లల హాస్టల్లో మగ వాచ్‌మన్ లోపలా? ఏ తల్లిదండ్రి ఒప్పుకుంటాడు?

వార్డెన్: రాత్రికి ఆయా ఉంటుంది, ఆమెను అక్కడ పడుకోబెట్టొచ్చు. కానీ ఆమెకు ఆ డ్యూటీకి జీతం కలపాలి. ‘సరిచేయించేవారు’ గడిలో పేరు రాసి పైకి పంపుతున్నా. సంతకం పెడతారో, గడి కొట్టేసి పంపుతారో చూడాలి.