కార్తీక సమ్మేళనం పిలుపు లేఖలో ‘గడువు దాటితే భోజనం లేదు’ అని రాయొచ్చా?

కొత్త కార్యదర్శి, నల్గొండ

మా సంఘం వార్షిక సమ్మేళనం ఈసారి నాగార్జునసాగర్‌లో, 16వ తేదీ ఆదివారం. ఇక్కడి క్లాక్ టవర్ నుంచి రెండు బస్సులు పెడుతున్నాం. సభ్యుల పుస్తకంలో 120 కుటుంబాలున్నాయి. పోయినేడు పేర్లిచ్చింది సగం ఇళ్లే, తినడానికి మాత్రం దాదాపు అందరూ వచ్చారు. అందుకని లేఖలో ఇట్లా రాశాను: “14వ తేదీలోగా పేర్లు నమోదు చేసుకోని కుటుంబాలకు ప్రవేశం, భోజనం ఉండవు.” కమిటీలో కొందరు ఇది పిలుపు కాదు, కరెంటు బిల్లు నోటీసులా ఉందంటున్నారు. ఈ వాక్యం ఉంచాలా, తీసేయాలా?

పెద్దమనిషి, దేవరకొండ

తీసేయ్ బిడ్డా. పెండ్లికి ఇంటింటికీ పోయి బొట్టు పెట్టి పిలుస్తాం. వస్తరా రారా, శుక్రవారం లోపు చెప్పండి అని ఎవరన్నా అడిగారా? పిలిచినంక వచ్చినోళ్లకు పెట్టాలె. అన్నం తక్కువైతే ఇంకో గిన్నె ఎక్కిస్తారు, అంతే.

పాలమూరు కుర్రాడు

పెద్దనాన్నా, పెండ్లి ఖర్చు ఒక ఇంటిది, ఇది చందాల డబ్బు. నా మాటైతే తలకింత అని ముందే డబ్బు కట్టించుకుని టోకెన్ ఇవ్వండి. టోకెన్ ఉంటేనే ఇస్తరాకు. దాంతోపాటు వంటవాళ్లకు పది శాతం ఎక్కువ చెప్పి పెట్టుకుంటే టెన్షనే ఉండదు.

మాజీ కోశాధికారి, మిర్యాలగూడ

తమ్మీ, నువ్వు చెప్పిన పది శాతం పేరిచ్చినవాళ్లు ఒకరిద్దరు చుట్టాలను వెంట తెచ్చినప్పుడు సరిపోతుంది. సగం ఇళ్లు పేరే ఇవ్వనప్పుడు ఏమూలకూ రాదు. డబ్బు ముందే కట్టించుకోవడం మేమూ చేశాం. కట్టినవాళ్లు తప్పకుండా వస్తారనుకున్నాం. డబ్బు కట్టేశాం కదా, ఇక మనమీద బాకీ లేదన్నట్టు కొందరు ఇంట్లోనే ఉండిపోయారు. చేతిలో డబ్బాడని ఇళ్లవాళ్లు మొహమాటపడి అసలుకే రాలేదు.

కార్యదర్శి గారూ, వాక్యం కంటే ముందు మీ తేదీ చూడండి. 14 శుక్రవారం. ప్లేటు లెక్కన ఒప్పుకున్న వంటవాళ్లు సాధారణంగా రెండు మూడు రోజుల ముందే ఖాయమైన లెక్క అడుగుతారు. కూరగాయలు శనివారం కొంటారు. శుక్రవారం రాత్రి మీ చేతికొచ్చిన లిస్టు ఎవరికి పనికొస్తుంది? గడువు వెనక నుంచి లెక్కపెట్టుకుంటూ రావాలి. వంటవాళ్లకు గురువారం చెప్పాలి. అంతకుముందు చప్పుడు చేయని ఇళ్లకు ఫోన్లు చేయడానికి మూడు రోజులు కావాలి. అంటే గడువు 9వ తేదీ ఆదివారం సాయంత్రం. ఆదివారం ఎందుకంటే ఆ రోజు అందరూ ఇంట్లో ఉంటారు, నలుగురూ కూర్చుని ఎవరెవరు వస్తారో తేల్చుకుంటారు.

ఆ మూడు రోజుల ఫోన్లే అసలు పని. మీకు పేర్లిచ్చినవి 60 ఇళ్లు, మనిషి లెక్కన 220 మంది అనుకుందాం. మిగిలిన 60 ఇళ్లలో ముప్పైకి ఫోన్ దొరికి, అందులో 20 ఇళ్లు “వస్తాం సార్, పేరివ్వడం మర్చిపోయాం” అంటాయి. అక్కడ 70 మంది కలిశారు. ఫోనెత్తని ముప్పై ఇళ్లలో మూడో వంతు వస్తాయనుకుంటే ఇంకో 35. మొత్తం 325. వంటవాళ్లకు ఇదే చెప్పండి, 220 కాదు. పేర్లన్నీ చివరి రెండు రోజుల్లోనే వచ్చి పడితే, గడువు దాటాక వచ్చేవాళ్లు కూడా ఎక్కువే ఉంటారని గుర్తు. అప్పుడు ఇంకొంచెం పెంచండి.

పెద్దమనిషి గారి మాటలో నిజముంది, కానీ అన్నం వరకే. కిలో బియ్యం సుమారు ఎనిమిది మందికి వస్తుంది. అదనంగా నలభై మంది దిగితే అయిదు కిలోలు, గంటలో బగారన్నం దించొచ్చు. పప్పుచారు సాగదీయొచ్చు. సాగనివి వేరే ఉన్నాయి: లెక్కపెట్టి తెచ్చిన లడ్డూలు, గారెలు, పిల్లల బహుమతులు, అన్నిటికంటే ముఖ్యం బస్సు సీట్లు. క్లాక్ టవర్ దగ్గర బస్సెక్కే చోట పది మంది మిగిలిపోతే వాళ్లను సాగర్ దాకా నిలబెట్టి తీసుకుపోలేం. మేం గొడవ పడ్డది కూడా విస్తళ్ల దగ్గర కాదు, బస్సు మెట్ల దగ్గరే.

కాబట్టి గడువు పెట్టండి, భోజనానికి మాత్రం పెట్టకండి. బస్సుకు పెట్టండి.

ఆడబిడ్డ, అచ్చంపేట

మీరంతా తేదీ గురించి మాట్లాడుతున్నారు. నన్నడిగితే ఫారం మార్చండి. మా సంఘం ఫారంలో ‘కుటుంబ యజమాని పేరు’ అని ఒక్క గడి ఉంటుంది. మా ఆయన పోయినంక నేను అమ్మ దగ్గరే ఉంటున్నా. అన్న తన ఇంటి నుంచి నాలుగు పేర్లు రాయించాడు. నన్ను అమ్మ రాయిస్తుందనుకున్నాడు, అమ్మేమో అన్న రాయించాడనుకుంది. గేటు దగ్గర లిస్టు పట్టుకున్న పిల్లోడు “మీ పేరు లేదక్కా” అన్నాడు. గడువుకు ముందే అన్నీ చేసిన ఇల్లు మాది.

మాజీ కోశాధికారి, మిర్యాలగూడ

ఈ అక్క చెప్పింది వేరే ప్రశ్న అనిపిస్తుంది కానీ లెక్క తప్పేదీ అక్కడే. ‘ఎన్ని కుటుంబాలు’ అని అడిగితే ఒక ఇంటి నుంచి ఇద్దరు రావొచ్చు, పండగకు వచ్చిన కూతుళ్లు, అల్లుళ్లతో కలిపి తొమ్మిది మందీ రావొచ్చు. వచ్చే ప్రతి మనిషి పేరు, పెద్దలెందరు, పదేళ్ల లోపు పిల్లలెందరు, బస్సు కావాలా సొంత బండా, ఇవి అడగండి. యజమాని గడి తీసేయండి. ‘పేరిస్తున్నవారు’ అని పెట్టి ఫోన్ నంబర్ తీసుకుంటే చాలు.

రిటైర్డ్ ఉద్యోగి, సూర్యాపేట

ఒక్క సంగతి ఎవరూ అడగలేదు. ఆ రోజు లెక్కలు చదవడం, కొత్త కమిటీ ఎన్నిక కూడా ఉన్నాయా?

కొత్త కార్యదర్శి, నల్గొండ

ఉన్నాయి సార్. భోజనాలకు ముందు గంటసేపు.

రిటైర్డ్ ఉద్యోగి, సూర్యాపేట

అయితే ‘ప్రవేశం ఉండదు’ అన్న మాట ఈ రోజే కొట్టేయండి. మీది 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సంఘమైతే అది సర్వసభ్య సమావేశం. సభ్యుడు వనభోజనానికి పేరివ్వలేదని ఓటు దగ్గర ఆపలేరు. ఆపితే ఓడిన వర్గం మొత్తం ఎన్నికనే తప్పుపట్టడానికి మీరే కాగితం రాసిచ్చినట్టు. సమావేశం నోటీసు విడిగా, మీ బైలాస్‌లో ఎన్ని రోజుల ముందని ఉంటే అన్ని రోజుల ముందు, సభ్యులందరికీ పంపండి. పిలుపు లేఖలో దాన్ని కలపకండి.

కొత్త కార్యదర్శి, నల్గొండ

ఇది నాకు తట్టనే లేదు. నోటీసు విడిగా పంపుతాం. లేఖ ఇట్లా మార్చాను, చూడండి:

“16వ తేదీ ఆదివారం నాగార్జునసాగర్‌లో జరిగే మన కార్తీక సమ్మేళనానికి ఇంటిల్లిపాదీ రావాలని కోరుతున్నాం. క్లాక్ టవర్ నుంచి ఉదయం 7 గంటలకు రెండు బస్సులు బయల్దేరతాయి. బస్సు సీటు, పిల్లల బహుమతి కావాలనుకునేవారు 9వ తేదీ ఆదివారం సాయంత్రంలోగా వచ్చేవారందరి పేర్లు ఇవ్వగలరు. ఆ తర్వాత పేరిచ్చిన వారికి సీటుంటేనే ఇవ్వగలం. సొంతంగా వచ్చేవారు కూడా అదే గడువులో చెబితే వంటకు లెక్క తెలుస్తుంది. భోజనం అందరికీ ఉంటుంది.”

పాలమూరు కుర్రాడు

చివరి వాక్యం వద్దన్నా. ‘భోజనం అందరికీ’ అని రాస్తే సొంత బండి ఉన్నవాడెవడూ పేరివ్వడు.

పెద్దమనిషి, దేవరకొండ

ఆ ఒక్క వాక్యం వల్లనే ఇది పిలుపైంది. అది పోతే నేను రాను.

మాజీ కోశాధికారి, మిర్యాలగూడ

కుర్రాడన్నది నిజమే, కొందరు ఇవ్వరు. నేనైతే ఆ వాక్యం ఉంచి, బండ్లున్న ఇళ్లకు మొదట ఫోన్ చేయిస్తా. ఫోన్లు ఒక్క కార్యదర్శి మీదే పెట్టకుండా వీధికొకరికి పంచండి. తెలిసిన గొంతైతే ఎత్తుతారు.

ఆడబిడ్డ, అచ్చంపేట

పేరిచ్చి బస్సు దగ్గరికి రానోళ్ల సీటు ఎప్పుడు వేరేవాళ్లకిస్తారు? ఏడుకా, ఏడుంపావుకా? అది కూడా లేఖలో రాయండి.

కొత్త కార్యదర్శి, నల్గొండ

ఏడుంపావు అనుకుంటున్నా అక్కా. రేపు కమిటీలో పెడతా, చివరి వాక్యం సంగతి కూడా అక్కడే తేలాలి.