పెట్టీ క్యాష్‌లో 50 తక్కువ వచ్చింది, చెక్కు ఎంతకు రాయాలి?

మా పెట్టీ క్యాష్ ఇంప్రెస్ట్ పద్ధతిలో నడుస్తుంది, ఫ్లోట్ 5,000. నెలాఖరున లెక్కపెడితే ఓచర్లు 4,130, పెట్టెలో నగదు 820. కలిపితే 4,950, అంటే 50 తక్కువ. ఓచర్ల మేరకే చెక్కు రాస్తే పెట్టెలో 4,950 మాత్రమే ఉంటుంది, లోటు వచ్చే నెలకు జారిపోతుంది. అందుకే 4,180కి రాసి, ఆ 50ని నగదు తేడాల ఖాతాకు డెబిట్ చేద్దామనుకుంటున్నాను. ఇది సరైనదేనా? ఈ 50కి మీ దగ్గర ఎవరు ఆమోదం ఇస్తారు?

ఇంకొకటి. మేనేజరు గారు ప్రతినెలా గుండుగుత్తగా 4,000 ఇచ్చేద్దామంటున్నారు. అలాగైతే పెట్టెలో ఎంత ఉండాలో నెలనెలా మారిపోతుంది. ఇప్పుడైతే ఎవరు ఎప్పుడు తెరిచినా నగదు, ఓచర్లు కలిపి 5,000 రావాల్సిందే, పుస్తకం తిరగేయకుండానే తేడా బయటపడుతుంది. పైగా ఓచర్లు చూపనిదే కొత్త డబ్బు రాదు. ఆయనకు దీన్ని ఇంకెలా వివరించవచ్చు?