అప్‌డేట్: హంద్రీ అవతలి డబ్బాలు, చెత్త లారీ రూట్లు

నేను అడిగింది: "కర్నూలులో చెత్త డబ్బాల నిండుదల డేటా ఉంది. క్లార్క్-రైట్ పద్ధతిలో లారీ రూట్లు వేస్తే, ఒకే లారీ హంద్రీకి అటూ ఇటూ ఎందుకు తిరుగుతోంది?"

గీత దూరాలకు బదులు రోడ్డు దూరాలు పెట్టి చూడమని జవాబిచ్చారు కదా, విషయం అక్కడే ఉంది. రెండు డబ్బాలను ఒకే ట్రిప్పులో కలిపితే మిగిలే దూరాన్ని ఈ పద్ధతి ఇలా లెక్కేస్తుంది:

```
s(i,j) = d(0,i) + d(0,j) - d(i,j)
```

ఇక్కడ 0 అంటే డిపో. 'అ', 'ఆ', 'ఇ' అని మూడు డబ్బాలు అనుకుందాం. డిపో నుంచి రోడ్డు మీద 'అ' 4 కి.మీ., 'ఆ' 5, 'ఇ' 4.5. అ, ఆ ల మధ్య గీత గీస్తే 0.6 కి.మీ. మాత్రమే, కాబట్టి పొదుపు 8.4. కానీ మధ్యలో హంద్రీ ఉంది. బ్రిడ్జి మీదుగా వెళ్తే 3 కి.మీ., పొదుపు 6కి పడిపోతుంది. అ, ఇ ల మధ్య రోడ్డు 1.5 కి.మీ., పొదుపు 7. ఎక్కువ పొదుపున్న జంటనే ముందు కలుపుతారు కాబట్టి ఇప్పుడు అ, ఇ ముందు కలుస్తాయి. ఏటి అవతలి 'ఆ' డబ్బా వేరే ట్రిప్పులోకి వెళ్లింది. మ్యాప్ చూస్తే రూట్లు బ్రిడ్జిని ఊరికే దాటడం లేదు.

ఇంకో మార్పు: 70 శాతం నిండితేనే ఎత్తాలన్న రూల్ తీసేశాను. 55 శాతం ఉన్న డబ్బా రోజుకు 30 చొప్పున నిండుతుంటే, లారీ మళ్లీ రెండు రోజులకు వచ్చేసరికి 115 అవుతుంది, అంటే పొంగుతుంది. అందుకే వచ్చే ట్రిప్పుకి 100 దాటేవన్నీ ఈరోజే జాబితాలోకి వస్తాయి.

తేలని టెన్షన్ ఒకటే. సెన్సర్ ఎత్తు చెబుతుంది, బరువు చెప్పదు. మార్కెట్ తడి చెత్తతో లారీ సగం నిండకుండానే బరువు పరిమితి దాటేస్తోంది.