టేబుల్ అవతలి నుంచి పేరు చదవగలిగేలా బ్యాడ్జి ఎలా చేయాలి?

వాణి, ఒంగోలు
వచ్చే నెల మా ఊళ్ళో రొయ్యల రైతులు, హ్యాచరీ టెక్నీషియన్ల సదస్సు ఉంది. 180 మంది వస్తారు. గుండ్రటి టేబుళ్లు, ఒక్కోదానికి పదిమంది. పోయినసారి బ్యాడ్జిలు నేనే చేయించాను. ఎదుటాయన పేరు తెలియాలంటే లేచి వంగి చూడాల్సి వచ్చింది, నాకు చాలా బాధేసింది. కార్డు 4 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల ఎత్తు. పేరు 24 పాయింట్లలో వేశాం. 36 చేస్తే సరిపోతుందా?

డీటీపీ రమణ
సైజు కంటే లావు ముఖ్యమండీ. రామభద్ర లాంటి లావు ఫాంట్ వేసి, గ్లాసీ లామినేషన్ చేయించండి. పేర్లు మాత్రం వారం ముందే ఇవ్వండి. మేం అను ఫాంట్లలో చేస్తాం. మీ ఎక్సెల్ యూనికోడ్‌లో ఉంటే మార్చుకోవాలి, మార్చాక వత్తులన్నీ ఒకసారి చూసుకోవాలి.

కోటేశు, సింగరాయకొండ
అక్కా, మా సంఘం మీటింగులో అట్ట మడిచి పేరు రాసి టేబుల్ మీద నిలబెట్టాం. బాగా కనబడింది. కానీ భోజనాలకు లేచొచ్చాక ఎవరు ఎక్కడ కూర్చున్నారో, పేర్లన్నీ తారుమారైపోయాయి.

వాణి, ఒంగోలు
నేనడిగేది మెడలో వేసుకునేది, కోటేశూ. మావాళ్లు పూటకో టేబుల్ మారతారు.

కావలి మాస్టారు
వాణిగారూ, పాయింట్లు వదిలేసి స్కేలుతో ‘ల’ ఎత్తు కొలవండి. తెలుగులో పైన గుళ్ళకు, కింద వత్తులకు చోటు పోగా అసలు అక్షరానికి మిగిలేది సుమారు సగమే. Noto Sans Telugu ఫాంట్‌లో 48 పాయింట్లు వేసి కొలిస్తే నాకు ఎనిమిది తొమ్మిది మిల్లీమీటర్లు వచ్చింది. అదే సైజులో ఇంగ్లిష్ పెద్దక్షరం 12 దాకా ఉంటుంది. మీ 24లో ‘ల’ 4 మిల్లీమీటర్లే అన్నమాట.

ఆరడుగుల టేబుల్‌కు అటూ ఇటూ కూర్చుంటే మధ్య ఏడడుగులు, అంటే రెండు మీటర్లు దాటుతుంది. దూరాన్ని 200తో భాగించి అంత ఎత్తు పెడతాను నేను. రెండు మీటర్లకు 10 మిల్లీమీటర్లు. కాబట్టి 36 చాలదు, 60 దగ్గరికి వెళ్లండి. ‘పెంచలయ్య’ ఆ సైజులో 4 అంగుళాల కార్డు మీద ఒక వరుసలో పడుతుంది. ‘వెంకట సుబ్రహ్మణ్యం’ పట్టదు. దాన్ని రెండు వరుసలు చేయండి గానీ, పట్టించడం కోసం అక్షరం తగ్గించకండి.

రమణగారు చెప్పిన లావులో కొంత నిజముంది, సన్నటి గీత దూరానికి ఆనదు. మరీ లావైతే మాత్రం అక్షరం పొట్ట పూడిపోతుంది. ‘ద’కూ ‘ధ’కూ తేడా ఒక చిన్న గీతేగా! ‘మాల్యాద్రి’ని వేసి చూడండి, దాంట్లో యవత్తూ రవత్తూ రెండూ ఉన్నాయి. గోడకు అంటించి, ఆ పేరు తెలియని మనిషిని ఏడడుగుల దూరంలో నిలబెట్టి చదివించండి. మీరు చదివితే లెక్కలోకి రాదు, మీకు పేరు ముందే తెలుసు.

షబానా, నెల్లూరు
నేను రెండు సదస్సుల్లో రిజిస్ట్రేషన్ దగ్గర కూర్చున్నాను. అక్షరం ఎంత పెద్దదైనా తాడు పొడవుంటే కార్డు బొడ్డు దగ్గరికి దిగుతుంది, కూర్చోగానే టేబుల్ అంచు కిందికి పోతుంది. మేం మెడ వెనక తాడుకు ముడేసి, కార్డు చొక్కా జేబు ఎత్తులో ఉండేలా చేశాం. ఒకే కొక్కెం ఉన్న తాడుకు కార్డు తిరిగిపోతుంది, అందుకని రెండు వైపులా పేరు వేయించండి. గ్లాసీ వద్దు రమణన్నా, పైన లైటు పడి సగం పేరు తెల్లగా మెరిసిపోతుంది. మాట్ చాలు.

ఇంకోటి. ఎక్సెల్‌లో మొదటి మాట పెద్దగా రావాలని పెట్టారు ఒకసారి. మనవాళ్లు ఇంటిపేరు ముందు రాస్తారు కదా, పొద్దున కార్డులు తీస్తే వరుసగా ‘కె.’, ‘వై.’, ‘పి.’ అని పెద్దక్షరాల్లో ఉన్నాయి! అప్పటికప్పుడు మార్కర్‌తో రాసిచ్చాం. ఫారంలోనే ‘మిమ్మల్ని ఏమని పిలవాలి?’ అని వేరే గడి పెట్టండి, పెద్దగా వేసేది అదే.

కోటేశు, సింగరాయకొండ
మా దగ్గర ఒకే టేబుల్‌కు నలుగురు మాల్యాద్రులు కూర్చుంటారు అక్కా. అప్పుడు ఇంటిపేరే కదా పెద్దగా ఉండాల్సింది?

కావలి మాస్టారు
ఇంటిపేరూ ఊరూ కింద సగం సైజులో వేస్తే పక్కనున్నవాళ్లకు కనబడతాయి. ఎదుటివాళ్లకు పిలిచే పేరు అందితే చాలనుకుంటా.

షబానా, నెల్లూరు
నేను ఒప్పుకోను మాస్టారూ. రైతుల మధ్య ఊరే గుర్తు. ఊరు కూడా ఎదుటివాళ్లకు కనబడాలి.

వాణి, ఒంగోలు
రాత్రి నాలుగు నమూనాలు తీశాను. 60 పాయింట్లలో ‘మాల్యాద్రి’ని మా పక్కింటావిడ అవతలి గోడ నుంచి టక్కున చదివేసింది. 36లో ‘మాలాద్రి’ అంది, యవత్తు ఆనలేదు. తాడు ముడి కూడా వేసి చూశాను, కుర్చీలో కూర్చున్నా కార్డు టేబుల్ అంచుకు పైనే ఉంది. ఒకటే మిగిలింది. చెన్నై నుంచి ఇరవైమంది టెక్నీషియన్లు వస్తున్నారు, తెలుగు చదవలేరు. ఒక వైపు తెలుగు, రెండో వైపు ఇంగ్లిష్ వేద్దామంటే కార్డు తిరుగుతుందంటున్నారు. రెండు కొక్కేల తాడు ఒంగోల్లో ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలుసా?